నోటి పుండు... ఎన్నాళ్లు ఆగొచ్చు?

మా ఇంట్లో నోరు పొక్కడం కొత్త సంగతేమీ కాదు. ఎండాకాలం వస్తే చాలు, ఎవరో ఒకరు అన్నం ముందు కూర్చుని "అబ్బా, మంట!" అంటూ కారం లేని పెరుగన్నం అడుగుతుంటారు. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అనడం, నెయ్యి రాయడం, మెడికల్ షాపు నుంచి బీకాంప్లెక్స్ గోలీలు తెప్పించడం... ఇంతవరకే మా వైద్యం. మీ ఇంట్లోనూ ఇంతే కదూ?

కిందటేడు ఆవకాయ కలిపే రోజుల్లో నా నాలుకకి ఎడమ పక్కన ఒక పుండు లేచింది. మొదట్లో కందిగింజంత ఉండేది. మాట్లాడినా, మింగినా చురుక్కుమనేది. వారం చూశాను. తొమ్మిదో రోజుకి కూడా నొప్పి తగ్గలేదు సరికదా, పుండు ఇంకాస్త పొడుగైనట్టు అనిపించింది. అప్పటికి ఉప్పునీళ్లు, నెయ్యి, గోలీలు, షాపతను ఇచ్చిన ఆయింట్‌మెంటు అన్నీ అయిపోయాయి. పన్నెండో రోజున సిద్దిపేటలోనే మాకు దగ్గర్లో ఉన్న పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నాలుక మీద పుండుకి పళ్ల డాక్టరెందుకని మా ఆయన నవ్వారు. నిజానికి నోట్లో పుండుకి మొదట చూపించుకోవలసింది వాళ్లకే. నోటిలోపలి చర్మాన్ని రోజూ చూసేది వాళ్లే కదా.

ఆమె ముందుగా నోరు తెరవమనలేదు. ప్రశ్నలడిగింది. ఎన్ని రోజులైంది? ఒకటేనా, ఇంకా ఉన్నాయా? ఇంతకు ముందు వచ్చినప్పుడు వేర్వేరు చోట్ల వచ్చిందా, ఎప్పుడూ ఇదే చోటా? తంబాకు, జర్దా, వక్కపొడి అలవాటుందా? ఆ మూడో ప్రశ్నకి నేను కాస్త తడుముకున్నాను. ఆలోచిస్తే, మూడు నెలల కింద కూడా సరిగ్గా అక్కడే వచ్చి తగ్గింది.

"మామూలు నోటి పొక్కు ఒక్కో సారి ఒక్కో చోట వస్తుందమ్మా. అదే చోట మళ్లీ వస్తోందంటే అక్కడ ఏదో గుచ్చుకుంటోందని అనుమానించాలి" అంది.

తర్వాత నా నాలుక కొసని గాజుగుడ్డతో పట్టుకుని పక్కకి లాగి, లైటు వేసి చూసింది. చేతికి గ్లవ్ వేసుకుని పుండు అంచులనీ, దాని కిందా వేలితో నొక్కి చూసింది. దవడ కింద, మెడ పక్కన కూడా తడిమింది. ఆ తర్వాత అద్దంలో నాకే చూపించింది. కింది ఎడమ దవడ పన్నుకి ఎప్పుడో పోయించిన సిమెంటు ఒక మూల విరిగి, అంచు బ్లేడులా నిలబడి ఉంది. నాలుకని దాని పక్కన పెడితే పుండు సరిగ్గా ఆ అంచుకి ఎదురుగా వచ్చింది. అయిదు నిమిషాల్లో మిషనుతో ఆ అంచు నున్నగా చేసేసింది. రాసుకోవడానికి ట్రయామ్సినలోన్ అనే పేస్టు రాసిచ్చింది. అన్నం తిన్నాక, పడుకునే ముందు, పుండు మీద తడి తుడిచి కొద్దిగా అద్దాలట, రుద్దకూడదట.

ఇక్కడిదాకా మామూలే. తర్వాత ఆమె అన్న మాటే నాకు గుర్తుండిపోయింది. "సరిగ్గా రెండు వారాలకి మళ్లీ రండి. మానినా రండి, మానకపోయినా రండి."

"మానితే ఎందుకండీ రావడం?"

"మానిందని మీరనుకోవడం వేరు, నేను వేలు పెట్టి చూడటం వేరు. కారణం తీసేశాం కాబట్టి రెండు వారాల్లో మానాలి. మానకపోతే పన్ను కారణం కాదన్నమాట. అప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను."

ఇంటికొచ్చి వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. నాలుగైదు రోజులకే నొప్పి సగమైంది. పదో రోజుకి పుండు పూడిపోయింది. పద్నాలుగో రోజున వెళ్లి చూపించుకుని వచ్చాను. నా కథ అంతే. కానీ ఆ ఎర్ర సున్నా వల్ల ఇంకో కథ బయటపడింది. అది చెప్పే ముందు, మామూలు పొక్కు ఎలా ఉంటుందో ఒక మాట చెప్పుకోవాలి. అది తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

మామూలు పొక్కుకి ఒక లెక్క ఉంటుంది

మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలప్పుడు వచ్చేవి అసలు సిసలు మామూలు పొక్కులు. డాక్టర్లు ఆఫ్తస్ అల్సర్ అంటారు. గుండ్రంగానో, కోడిగుడ్డు ఆకారంలోనో, మధ్యలో పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రని గీత. సైజు పెసరగింజ మొదలు శనగగింజ దాకా, అంటే సెంటీమీటరు లోపే. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక అంచున, నాలుక కింద, ఇలా మెత్తగా కదిలే చోట్లలోనే ఎక్కువగా వస్తాయి. ఒక్కోసారి రెండు మూడు కలిసి వస్తాయి. ఇవి అంటువ్యాధి కాదు. ఎంగిలి వల్ల రావు.

దీని నడక కూడా దాదాపు ఒకే రకంగా ఉంటుంది. మొదటి రోజు మంట, చురుకు. తర్వాత మూడు నాలుగు రోజులు నొప్పి బాగా ఎక్కువ. ఆపైన నొప్పి తగ్గుతూ వస్తుంది, అంచులు లోపలికి ముడుచుకుంటూ పుండు చిన్నదవుతుంది. వారం, పది రోజుల్లో, ఆలస్యమైతే రెండు వారాల్లో, మచ్చ కూడా లేకుండా మానుతుంది. అందుకే ఎనిమిదో రోజున ఇంకా నొస్తోందని గాభరా పడక్కర్లేదు. మొన్నటి కంటే చిన్నదైందా, పెద్దదైందా అన్నది చూడాలి. చిన్నదవుతుంటే ఆగొచ్చు. ఇదే జాతిలో పెద్ద పొక్కు కూడా ఉంది. సెంటీమీటరు దాటి, లోతుగా, నెలా నెలన్నర దాకా ఉండి మచ్చ వదిలి పోతుంది. అది ప్రమాదకరం కాకపోయినా, అదేనో కాదో ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు.

ఈ పొక్కులు ఎందుకొస్తాయంటే సూటిగా ఒక కారణం చెప్పలేరు. పళ్లు తోముకునేటప్పుడు బ్రష్ తగిలినా, పొరపాటున కొరుక్కున్నా, నిద్ర లేకపోయినా, మనసులో దిగులున్నా రావొచ్చు. కొందరికి నెలసరికి ముందు వస్తాయి. బాగా నురగ వచ్చే పేస్టులో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు. అది లేని పేస్టుకి మారితే తగ్గుతుంది. మా అమ్మాయికి మాత్రం నెలకోసారి రావడం మొదలుపెట్టేసరికి డాక్టరు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 9 దగ్గరుంది. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఇనుము తక్కువైనా, బి12, ఫోలిక్ యాసిడ్ తక్కువైనా నోరు పొక్కుతూనే ఉంటుందట. ఐరన్ గోలీలు కొన్ని నెలలు వాడాక ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో వస్తున్నాయి. మాటిమాటికీ వచ్చేవాళ్లు ఒకసారి రక్తం చూపించుకోకుండా, ఏళ్ల తరబడి బీకాంప్లెక్స్ మింగుతూ ఉండటంలో అర్థం లేదు.

మానేదాకా ఉపశమనం కోసం గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకి మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే చాలు. పటిక రుద్దడం, తలనొప్పి గోలీ నూరి పుండు మీద పెట్టడం మాత్రం వద్దు. గోలీ పెడితే చర్మం కాలి, ఉన్న పుండుకి తోడు ఇంకో పుండు తయారవుతుంది.

"నాకూ ఉన్నది బిడ్డా..."

ఇక ఎర్ర సున్నా కథ. మా పక్కింటి పెద్దమ్మ బీడీలు చుడుతుంది. మా వైపు సంగతి మీకు తెలిసిందే. సిద్దిపేట, దుబ్బాక చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ కనిపిస్తారు. పెద్దమ్మకి పని చేస్తూ కాస్త తంబాకు చిటికెడు తీసి కుడి బుగ్గలో పెట్టుకోవడం ముప్ఫయ్యేళ్ల అలవాటు. ఆ రోజు చక్కెర కోసం వచ్చి క్యాలెండరు చూసి, "ఏందిది, ఎవరి పెండ్లి?" అంది. చెప్పాను.

"నాకూ ఉన్నది బిడ్డా, గీ బుగ్గల. సంక్రాంతి సంది ఉన్నది. గని నొస్తలేదు. నొస్తలేదంటే మానుతున్నట్టే గదా?"

సంక్రాంతి నుంచి! అప్పటికి నాలుగు నెలలు. నోరు తెరవమని ఫోను లైటు వేసి చూశాను. కుడి బుగ్గ లోపల, సరిగ్గా ఆమె తంబాకు పెట్టుకునే చోట, రూపాయి బిళ్లంత మేర తెల్లగా సున్నం పూసినట్టు ఉంది. దాని మధ్యలో శనగగింజంత ఎర్రటి పుండు. అంచు చుట్టూ గట్టు కట్టినట్టు లేచి ఉంది. వేలితో ముట్టి చూడమంటే ఆమే ముట్టి చూసి, "గట్టిగున్నది, లోపల గింజ లెక్క" అంది. మెడికల్ షాపు నుంచి అదే ఆయింట్‌మెంటు మూడు ట్యూబులు తెచ్చి రాసిందట.

మర్నాడు మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చూసిన తీరు నన్ను చూసినట్టే, కానీ ఈసారి మెడ దగ్గర ఎక్కువసేపు తడిమింది. నోరు ఎంత తెరుచుకుంటోందో చూడటానికి పెద్దమ్మ చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోమంది. రెండే పట్టాయి. "ఇది ఆగే పుండు కాదు" అని పరీక్షకి హైదరాబాద్‌కి చీటీ రాసిచ్చింది.

పెద్దమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఆమె చెప్పినట్టే చెబుతాను. మామూలు పొక్కులో పైచర్మం ఊడిపోయి, కింద నరాల కొసలు బయటపడతాయి. అందుకే ఉప్పు, కారం తగిలితే ప్రాణం పోతుంది. కేన్సర్ అలా కాదు. పైపొరలోని కణాలే దారితప్పి పెరుగుతాయి, మొదట్లో నరాలని ముట్టుకోవు. అది లోతుకి దిగాకే నొప్పి మొదలవుతుంది, ఒక్కోసారి అదే వైపు చెవిలోకి లాగుతుంది. అంటే నొప్పి ఉన్న పుండు గోలచేసి మనల్ని డాక్టరు దగ్గరికి తోలుతుంది. నొప్పి లేనిది మాత్రం నెలల తరబడి ఊరుకుంటుంది. మనమూ ఊరుకుంటాం. అయితే నొప్పి ఉంటే కేన్సర్ కాదని మాత్రం అనుకోకూడదు. నాలుక అంచున వచ్చేది ముందే నొప్పి పెట్టొచ్చు. అందుకే నొప్పి కంటే రోజుల లెక్క నమ్మకమైనది. రెండు వారాలు దాటి మానని పుండు, నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోవాలి.

రోజులు లెక్కపెట్టకుండానే వెళ్లాల్సినవీ ఉన్నాయి. అంచు గట్టిపడటం, ముట్టుకుంటే రక్తం రావడం, పక్కన తుడిచినా పోని తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉండటం, మెడలో గడ్డ, పన్ను కారణం లేకుండా కదలడం, పెదవో గడ్డమో మొద్దుబారడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకూడదు. ఎర్ర మచ్చని తెల్ల మచ్చ కంటే ఎక్కువ అనుమానంతో చూస్తారు. తంబాకు అలవాటు లేని వాళ్లం కదా అని ధీమా వద్దు. భోజనమయ్యాక తీపి వక్కపొడి నోట్లో వేసుకునే ఆడవాళ్లు మనలో ఎంతమంది! తంబాకు కలవకపోయినా ఒట్టి వక్కే కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. వక్క వల్ల బుగ్గలు లోపల తోలులా బిగుసుకుపోయి, నోరు తెరవడం తగ్గుతుంది, కారం తగిలితే భగ్గుమంటుంది. వేడి చేసిందనుకునే మంటల్లో కొన్ని ఇవే.

శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్లు. వాళ్లకి పుండు బుగ్గలో కాకుండా అంగిట్లో వచ్చేదని వైద్యులు ఎన్నో ఏళ్ల కిందటే రాసిపెట్టారు. తంబాకు ఎక్కడ తగిలితే పుండు అక్కడే అన్నమాట. పెద్దమ్మ కుడి బుగ్గ కూడా అదే చెప్పింది.

ముక్క తీస్తే పాకుతుందా?

హైదరాబాద్ వెళ్లడానికి పెద్దమ్మ వారం రోజులు మొండికేసింది. బంధువులెవరో చెప్పారట, "ముక్క కోస్తే ఒళ్లంతా పాకుతది" అని. ఈ భయం ఒక్క పెద్దమ్మది కాదు. కోమటిచెరువు కట్ట మీద నాతో నడిచే చదువుకున్న స్నేహితురాలు కూడా ఇదే అంది. ఇది తప్పు. నోటి పుండు నుంచి పరీక్షకి ముక్క తీస్తే కేన్సర్ పాకదు. ముక్క తీయకుండా అది ఏమిటో కచ్చితంగా చెప్పే దారి వేరే లేదు కూడా. స్కానింగులు ఎంత దూరం వెళ్లిందో చూపిస్తాయి, ఏమిటన్నది చెప్పవు. పాకడానికి టైం ఇచ్చేది ఆలస్యమే.

చివరికి నేనే వెంట వెళ్లాను. పొద్దున్నే జూబ్లీ బస్ స్టేషన్ బస్సెక్కి పదిన్నరకల్లా ఆస్పత్రిలో ఉన్నాం. బుగ్గలో మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. చురుక్కుమన్నది అదొక్కటే. పుండు మధ్యలోంచి కాకుండా అంచు నుంచి, కాస్త మంచి చర్మం కూడా కలిసేలా, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద ముక్క తీసి ఒక కుట్టు వేశారు. పావుగంట పట్టింది. మధ్యాహ్నం పెద్దమ్మ చల్లటి మజ్జిగ తాగి బస్సులో నిద్రపోయింది.

వారానికి రిపోర్టు వచ్చింది. కేన్సరే. కానీ పుండు రెండు సెంటీమీటర్ల లోపే ఉంది, స్కానింగులో మెడలో ఏమీ కనిపించలేదు. మొదటి దశ అన్నారు. పుండు చుట్టూ సుమారు సెంటీమీటరు మంచి చర్మంతో సహా తీసేశారు. గడ్డలు బయటికి తెలియకపోయినా లోపల దాక్కుని ఉండొచ్చని అదే వైపు మెడలోని గ్రంథులు కూడా తీసి పరీక్షించారు. అవి శుభ్రంగా ఉన్నాయి, లోతు కూడా తక్కువే. కరెంటు వైద్యం అక్కర్లేదన్నారు. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. రాష్ట్రంలో ఆ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. కేన్సర్ వైద్యానికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆస్పత్రి ఎటూ ఉంది. సిద్దిపేటలోనే 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ముందు చూపించుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. ముప్ఫై దాటిన వాళ్లకి నోరు చూసే పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. బీపీ, షుగరు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నోరు కూడా చూడమని అడగండి.

ఇంకో రకం పుండ్లు

కేన్సర్ కాకపోయినా ఆగకూడనివి కొన్నున్నాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే ఆడవాళ్లు మనలో చాలామందే. అది వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన గోలీ. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ గోలీ వాడుతూ నోరు పొక్కితే అదే రోజు డాక్టరుకి ఫోను చేయాలి. పొక్కులతో పాటు జ్వరం ఉన్నా, నీళ్లు కూడా మింగలేకపోయినా, కళ్లలోనో కింది అంగాల్లోనో కూడా పుండ్లున్నా, ఒంటి మీద బొబ్బలు లేచినా, కొత్త మందు మొదలుపెట్టిన రోజుల్లో వచ్చినా అంతే. ఇవి పళ్ల డాక్టరు దగ్గర కాదు, ఫిజీషియన్ దగ్గర మొదలవ్వాలి.

పెద్దమ్మకి ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు దాటింది. రెండు నెలలకోసారి చెకప్‌కి వెళుతోంది. తంబాకు మానేసింది గానీ, బీడీలు చుట్టేటప్పుడు చెయ్యి దానంతటదే బుగ్గ వైపు పోతుందట. పోయినప్పుడల్లా ఒక సోంపు గింజ వేసుకుంటుంది. ఆదివారం స్నానాలయ్యాక మా గడపలో వెలుతురు వైపు తిరిగి కూర్చుని "చూడు బిడ్డా" అంటుంది. నేను ఫోను లైటు వేసి బుగ్గలు రెండూ, నాలుక పక్కలూ, నాలుక కిందా, అంగిలీ చూస్తాను. తర్వాత తనే మూడు వేళ్లు నోట్లో పెట్టి చూసుకుంటుంది. ఆస్పత్రిలో నేర్పిన నోటి వ్యాయామాలు రోజూ చేస్తోంది. మొన్నటి ఆదివారానికి రెండున్నర పట్టాయి.